మోటారు ముట్టని నూలు

సంఘానికి మేనిఫెస్టో ఒకటి రాయాలని, అది మా అమ్మాయే రాస్తుందని తెలిసిన రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

"మేనిఫెస్టో అంటే ఎలక్షన్లలో ఇచ్చేదేగా? అది ఇచ్చినవాళ్లు చేస్తారా ఏమన్నా?" అన్నాను.

"అందుకేనమ్మా, మనం చేసేదే రాస్తాం. చేయనిది రాయం" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూస్తేనే నాకు భయం. రాసింది మాసిపోదు. అన్నమాటైతే కాదని బుకాయించవచ్చు. అచ్చు వేసి ప్రతి గుడ్డకీ కట్టి పంపితే ఎలా కాదంటాం?

మా సంఘంలో అరవై నాలుగు ఇళ్లు ఉన్నాయి. ఇంటికో మగ్గం. ఇన్నేళ్లూ మేం నేసింది ఒక టోకు వ్యాపారి తీసుకుపోయి తన ముద్ర వేసుకుని అమ్ముకునేవాడు. గుడ్డ మాదని కొన్నవాళ్లకు తెలియదు, ఎవరు కొన్నారో మాకు తెలియదు. ఈ ఏడాది చాలా ఊళ్లలో దుకాణాలున్న ఒక కంపెనీ వాళ్లు సంఘం పేరుతోనే అమ్ముతామన్నారు. దానికి మీ బ్రాండు ఏమిటో, మీరెవరో, గుడ్డ ఎలా నేస్తారో ఒక్క పేజీలో చెప్పాలన్నారు. ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి ప్రతి గుడ్డ మూలకూ దారంతో కట్టాలి. అదీ మేనిఫెస్టో.

మొదట కంపెనీ వాళ్లే పెద్దఊరి నుంచి రాసేవాడిని ఒకడిని పంపారు. అతను ఒక పూట మగ్గాల మధ్య తిరిగి ఫొటోలు తీసుకుని వెళ్లి, రెండు పేజీలు రాసి పంపాడు. కమిటీలో చదివారట. 'మా మగ్గాలు పాడతాయి, మా నూలులో పూర్వీకుల ఊపిరి ఆడుతుంది' అని ఉందట అందులో.

రంగులు అద్దే ఆయన వెంటనే లేచి, "మగ్గం పాడుతోందంటే ఎక్కడో నూనె తక్కువైందని లెక్క. నూనె వెయ్యమనండి" అన్నాడట. కమిటీ అంతా పడీపడీ నవ్వారట. ఆ కాగితం అక్కడితో మూలపడింది.

ఆ తర్వాతే సంఘం ప్రెసిడెంటుగారు మా అమ్మాయికి అప్పగించారు. మా ఆయనకు వరసకు అన్న ఆయన. మా అమ్మాయి సంఘం ఆఫీసులో ఆర్నెల్లుగా గుడ్డలు తనిఖీ చేసే బల్ల దగ్గర కూర్చుంటోంది, ఉత్తరాలు రాస్తోంది. అది తాత్కాలికపు పని. "నీ కాగితం సర్వసభ్య సమావేశంలో నెగ్గితే బ్రాండు పనంతా చూసే ఉద్యోగం నీకే, శాశ్వతంగా. నెగ్గకపోతే ఆ పెద్దఊరి వాళ్లనే పిలవాలి. అప్పుడు నీ కుర్చీ కూడా ఉండదు. ముందే చెప్తున్నా తల్లీ" అన్నారట. ఆయన మాట అంటే కత్తితో కోసినట్టే. తమ్ముడైనా సరే, తమ్ముడి కూతురైనా సరే.

దానికి ఆయన ఒక పద్ధతి కూడా పెట్టారు. కాగితాన్ని వాక్యం వాక్యం చదవాలి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి అడగాలి. 'ఇది మా ఇంట్లో నిజం కాదు' అని ఏ ఇంటివాళ్లు చెయ్యెత్తినా ఆ వాక్యం కొట్టేయాలి. మూడు వాక్యాలు కొట్టేయాల్సి వస్తే కాగితం మొత్తం పక్కన పెట్టాలి. "అరవై నాలుగు ఇళ్ల సంతకంతో పోయే కాగితం. ఒక్క ఇంట్లో అబద్ధమైనా అందరికీ అబద్ధమే" అన్నారు.

అమ్మాయిది రెండు వీధుల అవతల కాపురం. పెళ్లై నాలుగేళ్లు. ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని వచ్చింది. గేటు చప్పుడు వినగానే నేను చేయాల్సింది చేశాను. స్విచ్చి కట్టేశాను, బెల్టు జార్చాను, మోటారు మీద బిస్కెట్ల డబ్బా బోర్లించాను. రాట్నం పిడి పట్టుకుని, అప్పటిదాకా చేత్తోనే తిప్పుతున్నట్టు కూర్చున్నాను.

ఇదెందుకో చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. నేత గుడ్డలో నిలువు పోగులు కొన్ని, అడ్డపోగులు కొన్ని ఉంటాయి. అడ్డపోగుకి నూలును వేలెడంత పుల్లల మీద చుట్టాలి. వాటిని కండెలంటాం. ఆ కండెను నాడెలో పెట్టి ఆయన ఇటూ అటూ విసురుతూ ఉంటే గుడ్డ పెరుగుతుంది. నేతంతా ఆయనదే, కండెలు నావి. ముప్పై ఏళ్లు చేత్తో రాట్నం తిప్పి చుట్టాను. మూడేళ్ల కిందట కుడి భుజం పైకి లేవడం మానేసింది. డాక్టరు ఆ చెయ్యి తిప్పడం మానమన్నాడు. మానితే ఆయన మగ్గం ఆగిపోతుంది. అప్పుడు పాత కుట్టుమిషను మోటారు ఒకటి తెచ్చి రాట్నానికి బిగించారు మా ఆయన. అంతే. నూలు వదలడం, వేళ్ల మధ్య బిగువు చూసుకోవడం ఇప్పటికీ నా ఎడమ చెయ్యే. తిప్పేది మాత్రం మోటారు.

మరి దాచడం దేనికి? ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు గుర్తు కూడా లేదు. నేతింట్లో మోటారు కనబడితే సర్కారు ఇచ్చిన మగ్గం కార్డు పోతుందని, సంఘంలో సభ్యత్వం తీసేస్తారని. ఇంక నాకు నిద్ర ఎక్కడిది? తనిఖీ బల్ల దగ్గర కూర్చునే కూతురికి చెప్తే, తెలిసీ దాచిందని దానికే ముప్పు వస్తుందనుకున్నాను. తెలియకపోవడమే దానికి మేలు అనుకున్నాను.

అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని చదవడం మొదలుపెట్టింది. తొమ్మిది వాక్యాలు. ఒక్కో అంకె కింద ఉన్నదంతా ఒక వాక్యం లెక్క. బాగున్నాయి. గొప్పలు లేవు, అలాగని తలవంచుకున్నట్టూ లేదు. ఆరో వాక్యం దగ్గర గొంతు కొంచెం పెంచింది.

"మా ఇళ్లలో నూలును మోటారు ముట్టదు."

నా చేతిలో పోగు తెగింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. నూలు చిలప చిక్కుపడింది."

"ఈ వాక్యం విని కంపెనీ ఆయన ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడలేదు తెలుసా? ఇదొక్కటి చాలన్నాడు. నిన్ను తల్చుకునే రాశానమ్మా. చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తే ఈ రాట్నం చప్పుడే వినబడేది."

బిస్కెట్ల డబ్బా నా మోకాలికి తగులుతోంది. లోపల మోటారు ఇంకా వేడిగానే ఉంది.

సమావేశానికి పన్నెండు రోజులుంది. ఆ సాయంత్రమే ఒక నిర్ణయానికి వచ్చాను. వాక్యాన్ని మార్చమని దాన్ని అడగలేను. అడిగితే ఎందుకని అడుగుతుంది. వాక్యాన్ని నిజం చేయడం ఒక్కటే నా చేతిలో ఉంది. మోటారు విప్పి బియ్యం డబ్బా వెనక పెట్టాను. మర్నాటి నుంచి చేత్తోనే తిప్పడం మొదలుపెట్టాను.

మొదటి రోజు ఇరవై కండెలు చుట్టేసరికి చెయ్యి నొప్పి చెవిదాకా లాగింది. రెండో రోజు చెయ్యి మార్చి చూశాను. ఎడమ చేత్తో తిప్పితే కుడి చేతికి పోగు వదలడం రాదు. మళ్లీ కుడి చెయ్యే. తిప్పుడు ఒక్క తీరుగా ఉండదు, నొప్పి వచ్చినప్పుడల్లా ఆగుతుంది, మళ్లీ ఒక్కసారిగా దూకుతుంది. అది దూకినప్పుడు ఎడమ చేతి వేళ్లు వదిలేస్తాయి. మంచి కండె గోరుతో నొక్కితే సొట్ట పడకూడదు. నావి వేలు పెడితే దిగుతున్నాయి.

"ఏంటే, కండెలు మెత్తగా వస్తున్నాయి?" అన్నారు మా ఆయన మగ్గం ఆపి, అక్కడి నుంచే.

"నూలు అలాంటిది వచ్చింది."

"నూలు మారలేదే. ఆ చిలపే కదా, మొన్నటిదే."

"మీరు గట్టిగా విసురుతున్నారేమో!"

ఆయన మళ్లీ నాడె విసిరారు. ముప్పై ఏళ్లుగా ఒక్కలా విసిరే మనిషిని పట్టుకుని అన్నానే అని తర్వాత బాధపడ్డాను. మోటారు చప్పుడు లేదని ఆయన గమనించలేదా అంటే, మగ్గం ఆడుతుంటే ఆయనకు మగ్గం చప్పుడు తప్ప ఏదీ వినబడదు.

మెత్తటి కండె ఏం చేస్తుందంటే, నాడె ఆ చివరికి వెళ్లి ఆగినప్పుడు పోగు బిగువుగా ఆగదు. ఒక చుట్టు ఎక్కువ జారుతుంది. అంచు దగ్గర చిన్న ఉంగరంలా నిలబడుతుంది. నేసేటప్పుడు అది వేళ్లకి తెలియదు. గుడ్డ విప్పి వెలుతురులో పట్టుకుంటే కనబడుతుంది.

ఎనిమిదో రోజు గుడ్డ కోసి సంఘానికి తీసుకెళ్లారు. తనిఖీ బల్ల కిటికీ పక్కనే ఉంటుంది. పైన అడ్డకర్ర ఉంటుంది. గుడ్డను ఆ కర్ర మీద నుంచి లాగుతూ వెలుతురుకి ఎదురుగా చూస్తారు. లోపం కనబడినచోటల్లా ఎర్ర దారం ముక్క ఒకటి ముడేస్తారు. పది మీటర్ల గుడ్డకు ఎనిమిది ముళ్ల వరకూ మొదటి రకం. దాటితే రెండో రకం ముద్ర.

ఆ రోజు నేను వెళ్లలేదు. మా ఆయన వచ్చాక చెప్పారు. అమ్మాయి గుడ్డ లాగుతోందట. ఒక ముడి, రెండు, మూడు... ఎనిమిదయ్యాక ఒకసారి తండ్రి మొహంలోకి చూసిందట. తొమ్మిదోది వేసిందట. మొత్తం పదిహేడు.

"అదేం తటపటాయించకుండా ముద్ర వేసింది" అన్నారాయన. "బల్ల దగ్గర లైనులో నా వెనక నలుగురున్నారు. ఎవరూ మాట్లాడలేదు. వాళ్లేదో ఒకటి అని ఉంటే బాగుండేది."

ముప్పై ఏళ్లలో ఆయన గుడ్డ మీద రెండో రకం ముద్ర పడడం అదే మొదలు. చెప్పులు గుమ్మంలో విడవకుండానే నా రాట్నం దగ్గరికి వచ్చి వంగి చూశారు. బెల్టు లేదు. మోటారు లేదు.

"ఎక్కడ పెట్టావ్?"

"బియ్యం డబ్బా వెనక."

"ఎందుకు?"

చెప్పాను. ఆరో వాక్యం చెప్పాను. కంపెనీ ఆయన రెండు నిమిషాలు మాట్లాడలేదన్న సంగతి కూడా చెప్పాను. ఆయన మెట్టు మీద కూర్చుని వినేసి, "నీ భుజం విరగ్గొట్టుకుని ఆ వాక్యాన్ని నిలబెడతావా? సరే నిలబెట్టావే అనుకో. గుడ్డ పాడైంది. ఆ మూలకే కదా ఆ కాగితం కట్టేది?" అన్నారు.

నేను బుట్టలోంచి ఒక కండె తీసి నొక్కి చూశాను.

"వెళ్లి చెప్పెయ్ దానికి."

"కార్డు పోతే?"

"పోతే పోతుంది."

"దాని ఉద్యోగం పోతే?"

ఆయన లేచి వెళ్లి చెప్పులు గుమ్మంలో విడిచి వచ్చారు.

మర్నాడు సంఘానికి వెళ్లాను, చెప్పేద్దామనే. అమ్మాయి బల్ల మీద నమూనా కాగితం ఉంది. మందపాటి కాగితం, మడతలు పెట్టి, మూలలో రంధ్రం వేసి, దానికి దారం. ఆరో వాక్యం మిగతావాటికంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

"చూడమ్మా, ఎంత బాగుందో. నాన్న కోపంగా ఉన్నాడా?"

"లేడు."

"నాకు మాత్రం మనసు బాలేదు. పదిహేడు ముళ్లమ్మా. నాన్నకి కళ్లు తగ్గుతున్నాయా? డాక్టరుకి చూపిద్దామా?"

చెప్పాలి. నోరు తెరిచాను. ఇంతలో రంగులాయన వచ్చాడు, నూలు నమూనాలు పట్టుకుని. ఆయన వెళ్లేలోగా ఫోన్ వచ్చింది. అది ఫోన్లో మాట్లాడుతూనే నాకేసి చూసి, ఏంటి అన్నట్టు కళ్లెగరేసింది. ఏం లేదన్నట్టు తలూపి వచ్చేశాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటికొచ్చాక మోటారు బిగించుకున్నాను. ఇంకో గుడ్డ చెడగొట్టలేను కదా.

సమావేశం ఆదివారం పొద్దున. సంఘం గోదాములో నూలు మూటలన్నీ ఒక పక్కకి తోసి చాపలు పరిచారు. ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున వచ్చారు. నేను మా పక్కింటి పొట్టొదిన పక్కన, వెనక వరసలో కూర్చున్నాను. ప్రెసిడెంటుగారు కళ్లద్దాలు తుడుచుకుని లేచారు.

"వాక్యం చదువుతుంది. నేను మూడు లెక్కపెడతాను. ఈలోపు ఎవరూ చెయ్యెత్తకపోతే అది మన అందరి మాట. తర్వాత వచ్చి, నాకు వినబడలేదు, మా ఆవిడ పిలిచింది అంటే కుదరదు."

అమ్మాయి చదవడం మొదలుపెట్టింది.

"మేం అరవై నాలుగు ఇళ్ల నేతవాళ్లం. ఈ సంఘానికి యజమాని లేడు, మేమే."

ఒకటి, రెండు, మూడు. ఎవరూ ఎత్తలేదు. కొందరు సర్దుకుని కూర్చున్నారు. ఆ మాట వినడం వాళ్లకి బాగుంది.

"నూలు మేం వడకం. మిల్లు నుంచి కొంటాం. మంచిది ఎంచి కొంటాం."

"ఇది కూడా చెప్పాలా?" అన్నాడు ముందు వరసలో ఒకాయన. "వడకమని మనంతట మనమే చెప్పుకోవడమేంటి?"

"నిజమా కాదా బాబాయ్?"

"నిజమే అనుకో."

"అయితే చెయ్యెత్తలేవు. కూర్చో."

నవ్వులు. అదీ నెగ్గింది.

"రంగు మా అద్దకం షెడ్డులోనే వేస్తాం. అది దిగదు."

రంగులాయన చెయ్యెత్తాడు. "ఎర్రది మొదటి ఉతుకులో కొద్దిగా దిగుతుంది. నేను అద్దుతాను, నాకు తెలుసు. దిగదని రాస్తే నన్ను తిడతారు, నిన్ను కాదు." ఒక వాక్యం కొట్టేశారు. అమ్మాయి కొట్టేసి, పక్కన ఏదో రాసుకుంది.

"అంగుళానికి అరవై అడ్డపోగులు ఉంటాయి. నమ్మకపోతే భూతద్దం పెట్టి లెక్కపెట్టుకోండి."

దీనికి చప్పట్లు కొట్టారు. చెయ్యెత్తిన వాళ్లు లేరు.

"ప్రతి గుడ్డనూ మొదటి పోగు నుంచి చివరి పోగు దాకా ఒక్క మనిషే నేస్తాడు. ఆయన పేరు ఈ కాగితం వెనక ఉంది."

మూడు లెక్కపెట్టేలోగా మూల నుంచి ఒక చెయ్యి లేచింది. కళ్లజోడు మావయ్య అని పిలుస్తాం ఆయన్ని. "మా ఇంట్లో మధ్యాహ్నం పూట మా ఆవిడ నేస్తుంది" అన్నాడు.

"మధ్యాహ్నం పూట మాత్రమేనా?" అంది ఆవిడ వెనక నుంచి.

గోదాం దద్దరిల్లింది. "సగం నేసింది నేను. పేరు మాత్రం ఈయనది పడుతుందా కాగితం మీద?" అని ఆవిడ. ప్రెసిడెంటుగారు కూడా నవ్వారు కానీ, వెంటనే వేలు చూపించారు. "రెండు పోయాయి. ఇంకొక్కటి పోతే కాగితం పక్కకి."

నవ్వు ఆగిపోయింది. అమ్మాయి కాగితాన్ని కళ్లకి దగ్గరగా పట్టుకుంది.

"మా ఇళ్లలో నూలును మోటారు ముట్టదు."

"ఒకటి" అన్నారు ప్రెసిడెంటుగారు.

మా ఆయన మగవాళ్ల వరసలో ఉన్నారు. తిరిగి నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేదాన్నో.

"రెండు."

ఊరుకుంటే దాని కుర్చీ దానికి దక్కుతుంది. ఊరుకుంటే అరవై నాలుగు ఇళ్ల పేరుతో నా అబద్ధం పోతుంది. ఏదో ఒక రోజు ఎవడో మా ఇంటికి వచ్చి బిస్కెట్ల డబ్బా ఎత్తి చూస్తాడు. అప్పుడు అబద్ధం నాదని ఎవరూ అనరు. రాసింది మా అమ్మాయి. దాన్నే అంటారు.

కుడి చెయ్యి లేవదు. ఎడమ చెయ్యి ఎత్తాను.

"ఎవరదీ?" అన్నారు ప్రెసిడెంటుగారు కళ్లు చికిలించి.

"నేనే బావగారూ."

ముందు వరసల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"అమ్మా?" అంది మా అమ్మాయి. అదొక్క మాటే.

"మా ఇంట్లో రాట్నానికి మోటారుంది. కుట్టుమిషనుది. మూడేళ్లయింది. భుజం లేవడం లేదు" అన్నాను. తలెత్తలేకపోయాను. "కార్డు తీసేయాలంటే తీసేయండి. మా ఆయన తప్పేం లేదు. మా అమ్మాయికి తెలియదు. నేనే డబ్బా బోర్లించి దాచాను."

సంఘం సెక్రటరీగారు లేచారు. "కార్డు ఎందుకు తీస్తారమ్మా? మోటారు మగ్గానికి ఉండకూడదు. రాట్నానికి ఉంటే ఏ రూలూ అడ్డు రాదు. కండె చుట్టడం వేరు, నేయడం వేరు."

"ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"మరి మూడేళ్ల నుంచి డబ్బా కింద ఎందుకు పెట్టుకున్నానండీ?"

ఆయన ప్రెసిడెంటుగారి వైపు చూశారు.

పక్కనున్న పొట్టొదిన నా మోచేతిని గిల్లింది. "నువ్వు డబ్బానా? నేను గోనెసంచి కప్పుతున్నాను" అంది నెమ్మదిగా. ఆ తర్వాత ఆవిడ చెయ్యి కూడా పైకి లేచింది. ఆ వెనక ఇంకో రెండు. ఇంకో వైపు ఇంకొకటి. ఎవరో, "మాది మంచం కింద" అన్నారు. అందరూ ఎత్తలేదు. చాలామంది నన్నే చూస్తూ ఉండిపోయారు. కంపెనీకి నచ్చిన ఒక్క వాక్యాన్నీ తల్లే పడగొట్టిందన్న కోపం కొందరి మొహాల్లో కనిపించింది. వాళ్లని తప్పుపట్టను.

ప్రెసిడెంటుగారు కళ్లద్దాలు తీశారు. "మూడు. కాగితం పక్కన పెడుతున్నాం. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ కూర్చుందాం. ఈలోగా నువ్వే సరిచేసి తెస్తావా, పెద్దఊరి వాళ్లని పిలవనా?"

"నేనే తెస్తాను పెదనాన్నా" అంది మా అమ్మాయి.

"అయితే ఉద్యోగం మాట కూడా అప్పుడే."

బయట మెట్ల దగ్గర నా ముందుకొచ్చి నిలబడింది. "ఇంట్లో చెప్పొచ్చు కదా? పన్నెండు రోజులుంది. అరవై నాలుగు ఇళ్ల ముందే చెప్పాలా?"

"చెప్పడానికే వచ్చాను ఆ రోజు. రంగులాయన వచ్చాడు, ఫోనొచ్చింది..."

"ఫోనొస్తే ఏం? ఆగలేవా?"

"ఆగలేకపోయాను తల్లీ. భయమేసింది."

అది చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు రాలేదు. నేను మోటారు మీద డబ్బా పెట్టడం మానేశాను. అయినా గేటు చప్పుడైతే చెయ్యి దానంతట అదే స్విచ్చి మీదికి పోయేది. అయిదో రోజు వచ్చింది, నోటుపుస్తకం పట్టుకుని. పలకరింపు లేదు.

"ఆన్ చెయ్యి" అంది.

వేశాను. పక్కన కూర్చుని చూసింది. నా ఎడమ చేతి వేళ్ల మధ్య నూలు ఎలా పోతోందో వంగి చూసింది. గంటకి ఎన్ని కండెలు వస్తాయో అడిగి రాసుకుంది. మోటారు ఆపించి, చేత్తో తిప్పమంది. మూడు చుట్లకే నా మొహం చూసి, "చాల్చాలు" అంది. బుట్టలోంచి ఒక కండె తీసి గోరుతో నొక్కింది. సొట్ట పడలేదు. అడుగున ఆ ఎనిమిది రోజుల్లో మిగిలిపోయిన కండె ఒకటి దొరికితే దాన్నీ నొక్కింది. వేలు దిగిపోయింది.

"నాన్న గుడ్డ పదిహేడు ముళ్లు ఇవేనా?"

"ఇవే."

రెండు కండెలనూ నోటుపుస్తకం పక్కన పెట్టింది. "నేను రాసిన మాట కోసం చేశావా ఇదంతా?"

"రాసేశావు కదా. అబద్ధం కాకూడదని."

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. పెన్ను మూత తీసింది. "సరే, ఇప్పుడు చెప్పు. ఎలా రాస్తే నువ్వు చెయ్యెత్తవు?"

అలా మొదలైంది. మా ఇంటితో ఆగలేదు. రోజుకి నాలుగైదు ఇళ్ల చొప్పున తిరిగింది. మోటారు ఉందా అని మాత్రమే కాదు, నిలువు పోగులకి గంజి ఎవరు పెడతారు, తెగిన పోగులు ఎవరు అతుకుతారు, ఎవరి వంతు ఎప్పుడు అని కూడా అడిగింది. సాయంత్రం మా ఇంటికొచ్చి చదివి వినిపించేది. నేను ప్రతిదానికీ ఏదో ఒక గండం చూపించేదాన్ని.

"'నలభై ఒక్క ఇళ్లలో రాట్నానికి మోటారు ఉంది' అని రాశాను. లెక్కపెట్టాను."

"వద్దు. రేపు ఇంకొకళ్లు కొంటే? నలభై రెండు అవుతుంది. కాగితం అబద్ధమైపోతుంది."

"అయితే 'కొన్ని ఇళ్లలో'?"

"నలభై ఒక్కటి కొన్ని ఎలా అవుతుంది? దాచినట్టుంటుంది."

"'చాలా ఇళ్లలో' అందామా?"

"ఆఁ. అదుండనీ."

"నీతో పెట్టుకుంటే కంపెనీ వకీలు ఎందుకమ్మా మనకి?" అంది. ఆ సమావేశం తర్వాత అది నవ్వడం అప్పుడే చూశాను.

కంపెనీ ఆయనకి కొత్త కాగితం పంపితే ఈసారి ఫోన్లో వెంటనే మాట్లాడాడట. మోటారన్న మాట తీసేయమన్నాడు. ఆ మాట ఉంటే కొనేవాళ్లు వెనకాడతారన్నాడు. "తీసేస్తే మావాళ్లు సంతకం పెట్టరండీ. కనీసం మా అమ్మ పెట్టదు" అని చెప్పిందట. చివరికి ముందు రెండువందల గుడ్డలు పంపండి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే కాదనడమేనని నేను భయపడ్డాను. ఇప్పటికీ భయపడుతూనే ఉన్నాను.

నెల తిరిగింది. అదే గోదాము, అవే చాపలు. ఈసారి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది పొట్టొదిన. "నువ్వు వెనకుంటే చెయ్యి కనబడదు" అని ఎగతాళి.

అమ్మాయి చదివింది.

"రంగు మా షెడ్డులోనే అద్దుతాం. ఎర్రది మొదటి ఉతుకులో కొద్దిగా దిగుతుంది. విడిగా ఉతకండి."

రంగులాయన చేతులు కట్టుకుని తలూపాడు.

"గుడ్డను ఒక ఇల్లు నేస్తుంది. ఎందరి చేతులు పడ్డాయో అందరి పేర్లూ ఈ కాగితం వెనక ఉన్నాయి. కండెలు చుట్టినవాళ్లవి కూడా."

కళ్లజోడు మావయ్య భార్య, "నా పేరు ముందు రాయి తల్లీ" అంది. ఎవరూ చెయ్యెత్తలేదు.

అమ్మాయి తర్వాతి వాక్యం మీద వేలు పెట్టింది. నా వైపు చూడలేదు.

"కండెలు చుట్టే రాట్నానికి మాలో చాలా ఇళ్లలో చిన్న మోటారు ఉంటుంది. ముప్పై ఏళ్లు తిప్పిన భుజాలు ఇంక లేవవు కాబట్టి. మగ్గానికి మోటారు ఉండదు. నాడె చేత్తో విసురుతాం, మగ్గం కింది కర్రలు కాలితో తొక్కుతాం. గుడ్డ అంచు వెలుతురులో పట్టి చూడండి."

"ఒకటి" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఎక్కడైనా తప్పుందా అని మాట మాటా వెతికాను. చాలా ఇళ్లలో, నిజమే. భుజాలు, నిజమే. మగ్గానికి ఉండదు. అరవై నాలుగు ఇళ్లూ అమ్మాయి తిరిగి చూసింది, నిజమే. చేత్తో, కాలితో. నిజమే.

"రెండు."

పొట్టొదిన నాకేసి చూసింది. మా ఆయన ఈసారి మగవాళ్ల వరసలోంచి మెడ చాచి మరీ చూశారు. ముందు వరసలో సగం మంది కాగితం వినడం మానేసి నా చేతుల మీదే కళ్లు పెట్టారు.

నా రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

"మూడు" అన్నారాయన. "రాసుకో సెక్రటరీ, ఇది మన అందరి మాట." తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, "రేపు పొద్దున వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టు. తాత్కాలికపు కాలమ్‌లో కాదు" అన్నారు. "ఇంకా మూడు వాక్యాలున్నాయి పెదనాన్నా" అంది అది.

"ఉంటే చదువు. మీ అమ్మ చెయ్యెత్తలేదుగా. ఇంకెవరెత్తుతారు?"